ఇయర్ డిఫెండర్స్ లేచింది మొదలు తీయడం లేదు, ఎక్కడ పొరపాటు చేశాం?

నిశ్శబ్దరాగం
మావాడికి ఐదున్నరేళ్లు, ఆటిజం ఉంది. రెండు మూడు పదాలు కలిపి మాట్లాడతాడు, అంతే. మిక్సీ వేస్తే చాలు, చెవులు మూసుకుని మంచం కిందకి దూరేవాడు. నాలుగు నెలల కిందట ఇయర్ డిఫెండర్స్ కొన్నాం. పాటలు వినేవి కావు, చెవుల మీద గట్టిగా కూర్చునే కప్పులు. మొదటి రెండు వారాలు ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఇప్పుడు లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అవి తల మీదే. స్నానానికి తీస్తే ఏడుపు. అసలు భయం ఏంటంటే, ఇదివరకు పట్టించుకోని చప్పుళ్లు కూడా ఇప్పుడు పడటం లేదు. కుర్చీ జరిపినా, సింకులో చెంచా పడినా ఉలిక్కిపడుతున్నాడు. నిన్న తీసి దాచేశాను, గంటన్నర ఏడ్చాడు, మళ్లీ ఇచ్చేశాను. మేమే చేజేతులా పెంచామా ఇది? ఇంట్లో ఎలా తగ్గించాలి?

పాతకాపు
అమ్మా, నా మనవడు కూడా ఇలాగే ఉండేవాడు. చెప్పేది కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఆ కప్పులు పక్కన పడేసి, రోజూ ఓ పది నిమిషాలు మిక్సీ వేసి ఉంచండి. నాలుగు రోజులు ఏడుస్తాడు, ఐదో రోజు ఆపేస్తాడు. నీళ్లలో దిగకుండా ఈత ఎలా వస్తుంది?

ఒంటరిగువ్వ
పెద్దాయన గారూ, మీ ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఐదో రోజు నేను నా చిన్నప్పుడు చూశాను. నాకు 34 ఏళ్లు, ఆటిజం అని తెలిసింది పెద్దయ్యాకే. మా ఇంట్లో కూడా నన్ను చప్పుడు దగ్గర కూర్చోబెట్టి అలవాటు చేయాలని చూశారు. నేను ఏడుపు ఆపేశాను. అందరూ సంతోషించారు. చప్పుడు తగ్గలేదండీ, ఏడ్చి లాభం లేదని అర్థమైంది, అంతే. పళ్లు బిగబట్టుకుని కూర్చునేదాన్ని, సాయంత్రానికి దవడలు నొప్పి పుట్టేవి.

మాకది చిరాకు కాదు. పన్ను నరం మీద సూది తగిలినట్టు ఉంటుంది. ఏడవని పిల్లవాడికి నొప్పి లేదనుకోకండి.

కిరణ్_నాన్న
మామూలు కప్పులు కాకుండా నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ తీసుకోండి. అవి శబ్దాన్ని పూర్తిగా చంపేస్తాయి. సమస్య అక్కడికి అయిపోతుంది.

ఓటీ_వసుధ
నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, పిల్లలతో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక్కొక్కటీ చెప్తాను.

కిరణ్ గారూ, సగం నిజం. నాయిస్ క్యాన్సిలింగ్ ఒకే తీరుగా సాగే బరువైన మోతను బాగా తగ్గిస్తుంది, అంటే బస్సు ఇంజను, ఏసీ లాంటివి. చెంచా ఠంగుమని పడటం, పసివాడు కెవ్వుమనడం లాంటి హఠాత్తు చప్పుళ్లకు దాంతో పెద్ద లాభం ఉండదు. మామూలు కప్పులది దీనికి తిరగబడ్డ వ్యవహారం. కీచు శబ్దాలను బాగా ఆపుతాయి, మిక్సీ మోటారు గుర్రుమనే మోత మాత్రం కొంత లోపలికి వస్తూనే ఉంటుంది. డబ్బా మీద 25 డెసిబెల్స్ అని ఉన్నా అన్ని శబ్దాలూ అంతే తగ్గుతాయని కాదు. ఏది కొన్నా 'పూర్తిగా చంపడం' మాత్రం మనకు వద్దు.

ఎందుకు వద్దంటే, నిశ్శబ్దరాగం గారూ, మీరు అడిగింది సరిగ్గా అదే. చెవికి బయట నుంచి వచ్చే ధ్వని తగ్గిపోతే, మెదడు తన వాల్యూమ్ తనే పెంచుకుంటుంది. చీకటి గదిలోంచి ఎండలోకి వస్తే కళ్లు ఎలా జిగేల్‌మంటాయో అలాగ. 2003లో క్రెయిగ్ ఫార్మ్‌బీ బృందం మామూలు వినికిడి ఉన్న పెద్దవాళ్లకు రెండు వారాలపాటు దాదాపు రోజంతా ఇయర్ ప్లగ్స్ పెట్టించి చూసింది. తీశాక వాళ్లకు శబ్దాలు మునుపటికంటే బిగ్గరగా వినిపించాయి. అదే కాలం సన్నటి గాలి చప్పుడు లాంటిది వింటూ ఉన్నవాళ్లకు తట్టుకునే శక్తి పెరిగింది. వాళ్లు ఆటిజం ఉన్న పిల్లలు కారు, కాబట్టి దాన్ని మీవాడికి అచ్చుగుద్దినట్టు వర్తింపజేయలేం. కానీ మీరు చెంచా, కుర్చీ గురించి రాసింది చదివితే నాకు అదే గుర్తొచ్చింది.

కాబట్టి పొరపాటు కొనడంలో లేదు. వానలో గొడుగు వేసుకోవాలి, ఇంట్లో మంచం మీద కూడా గొడుగు వేసుకుని కూర్చుంటే చిక్కు. మీరు చెడ్డ తల్లి అయిపోలేదు, గొడుగు ముడవడం ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందు రెండు పనులు. ఆడియాలజిస్ట్ దగ్గర వినికిడి పరీక్ష. చెవిలో గులిమి, మధ్య చెవిలో నీరు, ఇన్ఫెక్షన్ ఉన్నాయేమో చూడాలి, వాటితో కూడా పిల్లలు చెవులు పట్టుకుంటారు. లోపలికి వెళ్లకముందే 'మావాడికి శబ్దాలు పడవు, బిగ్గరగా వినిపించే పరీక్షలుంటే ముందు నన్ను అడగండి' అని చెప్పండి. రెండోది, వారంపాటు ఏమీ మార్చకండి. ఎప్పుడు పెట్టుకున్నాడు, అప్పుడు ఏ చప్పుడు ఉంది, పక్కన ఎవరున్నారు, ఈ మూడే ఓ కాగితం మీద రాయండి. దాచడం, లాక్కోవడం బంద్. మీ చేతిలో అవి పోతాయన్న భయం ఉన్నన్నాళ్లూ వాడు వదలడు.

కొత్తగా_చేరాను
నమస్తే. మా బాబుకి మూడేళ్లు, పేరు పిలిస్తే తిరగడు. ఈ డిఫెండర్స్ పెడితే దృష్టి పెరిగి పలుకుతాడా?

ఓటీ_వసుధ
వద్దండీ, ఇది వేరే విషయం. ఇక్కడి బాబుకి శబ్దం ఎక్కువై ఇబ్బంది. పేరుకి తిరగనివాడి చెవులు మూస్తే మీ పిలుపు ఇంకా వినపడదు. ముందు వినికిడి పరీక్ష చేయించి, పిల్లల డాక్టర్‌కి ఎదుగుదల గురించి చెప్పండి, ఆలస్యం చేయకండి. వేరే చర్చ మొదలుపెడితే అక్కడ వివరంగా రాస్తాను.

నిశ్శబ్దరాగం
వారం అయింది. పరీక్షలో వినికిడి మామూలే, కుడి చెవిలో గులిమి ఉంటే తీశారు. కాగితం చూస్తే నాకే ఆశ్చర్యం. మిక్సీ వారం మొత్తం మీద నాలుగే సార్లు. డిఫెండర్స్ తీసినా, మళ్లీ వెతుక్కుని తగిలించుకున్నవి ఇరవై మూడు. అందులో తొమ్మిది మా చిన్నది (పది నెలలు) నిద్ర లేచినప్పుడు. ఏడవకముందే! ఉయ్యాల కదిలితే చాలు, పరుగున వెళ్లి పెట్టుకుంటాడు. మరో ఆరు, ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు, పెద్ద చప్పుడేమీ లేదు. మిగతావాటిలో చాలావరకు టీవీ ముందు కూర్చున్నప్పుడు, టీవీ తక్కువ సౌండ్‌లోనే ఉంది. ఇంకోటి, కప్పులను రెండు చేతులతో తలకి గట్టిగా నొక్కుకుంటున్నాడు. అది శబ్దం కోసమా?

చుక్కలముగ్గు
ఆ నొక్కుకోవడం చదివి నవ్వొచ్చింది, మా పాప కూడా అంతే. ఎనిమిదేళ్లది. తలకి ఆ బిగుతు ఇష్టం దానికి, శబ్దంతో సంబంధమే లేదు! బిగుతుగా ఉండే అల్లిక టోపీ ఒకటి ఇచ్చి చూశాం, టీవీ దగ్గర డిఫెండర్స్ అడగడం మానేసింది. చెవులు మూయని హెడ్‌బ్యాండ్ అయినా చాలు. మా ఇబ్బంది టాయిలెట్లలో చేతులు ఆరబెట్టే మెషీన్. బయటికెళ్తే బాత్రూమ్‌కి రానంటుంది, ఇంటికొచ్చేదాకా ఆపుకుంటుంది. దానికి మాత్రం డిఫెండర్స్ బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి, నాకు ఏ బాధా లేదు.

ఓటీ_వసుధ
మంచి మాట. నిశ్శబ్దరాగం గారూ, మీ కాగితం చూడండి, మూడు వేర్వేరు కారణాలు ఒకే వస్తువు కింద దాక్కున్నాయి. టీవీ దగ్గర బిగుతు కోసం, మనుషులు వచ్చినప్పుడు దాక్కోవడానికి, చెల్లి విషయంలో ఎప్పుడు పేలుతుందో తెలియని టెన్షన్ కోసం. మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

మొదట సులువైనది తీసుకోండి. టీవీ దగ్గర టోపీ. మనుషులొచ్చినప్పుడు వాడు వెళ్లి కూర్చునే మూల ఒకటి చూపించండి. దుప్పటి వేసిన బల్ల కింద అయినా సరే. అక్కడికి ఎవరూ వెంటపడి వెళ్లకూడదు. ఈ రెండూ కుదిరితే, శబ్దం గురించి ఏమీ చేయకుండానే రోజులో సగం ముడి విప్పినట్టే.

తర్వాత, ఇంట్లో బాగా ప్రశాంతంగా ఉండే వేళ ఒకటి ఎంచుకోండి. చిన్నది పడుకున్నాక బొమ్మల పుస్తకం చూసే సమయం అనుకోండి. 'పుస్తకం అయ్యేదాకా ఇక్కడ పెడదాం' అని డిఫెండర్స్‌ని వాడి పక్కనే, చేతికందే చోట, రోజూ ఒకే బుట్టలో పెట్టండి. మొదటి రోజు రెండు నిమిషాలు. వాడు అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేయండి. మూడు రోజులు హాయిగా గడిస్తే మరో రెండు మూడు నిమిషాలు. గది మరీ నిశ్శబ్దంగా కాకుండా ఫ్యాను తిరుగుతూ ఉండనివ్వండి. దించాక మొదట చెవిన పడేది మెల్లని, ఎప్పుడూ ఒకేలా ఉండే చప్పుడు కావాలి.

పాతకాపు
అడిగిన వెంటనే ఇచ్చేస్తే వాడు మారేదెప్పుడమ్మా? వాదించడానికి కాదు, నిజంగా అడుగుతున్నా.

ఓటీ_వసుధ
న్యాయమైన ప్రశ్నే బాబాయ్ గారూ. అడిగితే దొరుకుతుందని నమ్మకం ఉన్నవాడు ఎక్కువసేపు లేకుండా ఉండగలడు. లాక్కుంటారేమోనని భయం ఉన్నవాడు నిద్రలో కూడా వదలడు. మీరు చెప్పిన ఈత ఉదాహరణే తీసుకుందాం, పిల్లవాణ్ని మొదట మోకాలి లోతులో దింపుతాం కదా, బావిలో తోసేయం.

నిశ్శబ్దరాగం
మూడు వారాల కబురు. టోపీ అద్భుతంగా పనిచేసింది, టీవీ దగ్గర డిఫెండర్స్ ఊసే లేదు. పుస్తకం దగ్గర పద్దెనిమిది నిమిషాలు వచ్చాడు, మొన్న మర్చిపోయి అలాగే నిద్రపోయాడు. చెంచా చప్పుడుకి ఇప్పుడు తల తిప్పి చూస్తున్నాడు, ఉలిక్కిపడటం లేదు. గులిమి తీసినందువల్లా, తక్కువ పెట్టుకుంటున్నందువల్లా, చెప్పలేను.

ఇప్పుడు మిక్సీ. ఫోన్లో రికార్డు చేసి రోజూ కాస్త కాస్త వినిపించాను. ఐదు రోజుల్లో ఫుల్ సౌండ్ పెట్టినా నవ్వుతూ విన్నాడు. ధైర్యం వచ్చి వంటగదిలో నిజం మిక్సీ వేశాను. అయిపోయింది. మంచం కింద గంట. మళ్లీ మొదటికొచ్చాం. ఇప్పుడు ఫోన్ తీస్తేనే పారిపోతున్నాడు.

ఓటీ_వసుధ
మొదటికి రాలేదు, ఓ రెండు మెట్లు దిగారు. జరిగింది ఇదీ. ఫోన్ స్పీకర్‌లో మిక్సీ బరువైన మోత రాదు, గట్టు అదిరే అదురు అసలే రాదు. ఫోన్‌లో ఫుల్ సౌండ్ అంటే మనం పెట్టిన ఫుల్, మిక్సీది కాదు. రెండింటి మధ్య చాలా మెట్లు ఉన్నాయి, మీరు అన్నీ ఒకేసారి దూకారు. ఇంకోటి, ఫోన్‌లో ఆపే బటన్ ఎవరి చేతిలో ఉంది?

నిశ్శబ్దరాగం
నా చేతిలోనే...

ఓటీ_వసుధ
అదే. ఈసారి వాడి చేతిలో పెట్టండి. నేనైతే ఇలా వెళ్తాను. మొదటి రెండు రోజులు ప్లగ్ పీకేసిన మిక్సీ నేల మీద పెట్టి ఆట. బ్లేడు ఉన్న జార్ తీసేసి, ఉత్త మోటారు డబ్బా మాత్రమే. వాడు స్విచ్ తిప్పుతాడు, మీరు నోటితో 'గుర్ర్' అంటారు. వాడు ఆపితే మీరు ఆపాలి. అది వాడికి నవ్వు తెప్పించేదాకా ముందుకు వద్దు.

తర్వాత ఫోన్, వాడి వేలితోనే, మొదటి గీత దగ్గర నుంచి. మళ్లీ ఫోన్ చూస్తే పారిపోకపోతేనే.

ఆ తర్వాత నిజం మిక్సీ. వాడు డిఫెండర్స్ పెట్టుకుని, ఇంట్లో అన్నిటికంటే దూరం గదిలో, తలుపు మూసి, మీ ఆయనతో. మీరు వంటగదిలో మిక్సీ కింద మందపాటి మడత గుడ్డ వేసి, గాలి రంధ్రాలు మూసుకోకుండా చూసుకుని, 'ఒకటి, రెండు, మూడు' అని గట్టిగా చెప్పి రెండు సెకన్లు మాత్రమే వేయండి. ఆపండి. ఆ రోజుకి అంతే. రెండో సారి వద్దు, వాడు బాగున్నా సరే. బాగున్నప్పుడే ఆపడం ఇక్కడ కీలకం.

మూడు వేర్వేరు రోజులు ప్రశాంతంగా ఉంటే ఒక్కటే మార్చండి. తలుపు కొంచెం తెరవడమో, ఐదు సెకన్లు చేయడమో, ఓ గది దగ్గరకి రావడమో. రెండు ఒకేసారి మార్చితే ఏది ఎక్కువైందో తెలీదు. డిఫెండర్స్ తీయడం చిట్టచివర. అది కూడా దూరం గది నుంచే మళ్లీ మొదలు.

ప్రశాంతం అంటే ఏడవకపోవడం కాదు, గువ్వ గారు పైన రాశారు. భుజాలు చెవుల దాకా లేచాయా, ఆట మధ్యలో బొమ్మలా బిగుసుకుపోయాడా, పెదవులు నొక్కుకున్నాడా, గట్టిగా మూలుగుతూ మిగతా శబ్దాన్ని కప్పుకుంటున్నాడా చూడండి. తర్వాత పది నిమిషాల్లో మళ్లీ ఆటలో పడ్డాడా లేదా అన్నది ఇంకా నమ్మదగ్గ గుర్తు. పడకపోతే ఆ మెట్టు ఎక్కువైంది, రెండు మెట్లు కిందకి. నిద్ర సరిగ్గా లేని రోజు, జలుబు చేసిన రోజు అసలు చేయకండి.

ఒంటరిగువ్వ
వసుధ గారూ, పద్ధతి బాగుంది. కానీ ఒక్కటి అడుగుతా. మిక్సీని భరించడం వాడికి ఎందుకు? వాడు పార్కుకి వెళ్లినప్పుడు వేసుకుంటే పోదా? నేను ఇప్పటికీ ఒంటరిగా ఉంటూ మిక్సీ లేకుండానే బతుకుతున్నా, ఏమీ కాలేదు.

ఓటీ_వసుధ
రోజుకి ఒక్కసారే వేసే ఇల్లయితే మీ మాటే సరి, వాడు బయట ఉన్నప్పుడు వేసుకోవచ్చు. నేనూ కొన్ని ఇళ్లకి అదే చెప్తాను. కానీ వీడు చప్పుడు వస్తుందేమోనని వంటగది వైపే రాకపోతే, వాడి ఇల్లు వాడికే చిన్నదవుతుంది. నేను చూసేది అది. మీరు ఒప్పుకోకపోవచ్చు.

ఒంటరిగువ్వ
పూర్తిగా ఒప్పుకోను. వాణ్ని అడిగి చేస్తే మాత్రం సరే.

చుక్కలముగ్గు
మధ్యలో దూరుతున్నా. మాకొకరు ప్రత్యేకమైన పాటలు హెడ్‌ఫోన్స్‌లో రోజూ వినిపిస్తే చెవి సర్దుకుంటుందని ఓ కోర్సు చెప్పారు. ఎవరైనా చేశారా?

ఓటీ_వసుధ
ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్ అంటారు ఆ కోవలో ఒకదాన్ని. అమెరికన్ స్పీచ్-లాంగ్వేజ్-హియరింగ్ అసోసియేషన్ 2004లో దాని ఫలితానికి శాస్త్రీయంగా చాలినంత ఆధారం లేదని ప్రకటించింది. పాటలు విని పాప సంతోషిస్తే వినిపించండి, సౌండ్ తక్కువలో. డబ్బు పెట్టేముందు మాత్రం ఆలోచించండి.

కిరణ్_నాన్న
ఒక డౌట్. బయట రోడ్డు మీద పెట్టుకుని నడిస్తే హారన్ వినపడదు కదా? మా అబ్బాయి అలా వెళ్తుంటే నాకు గుండె జారిపోతుంది.

ఓటీ_వసుధ
కరెక్ట్. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవాల్సిందే, చెవులు మూసి ఉన్నాయని మనమే గుర్తుపెట్టుకోవాలి. సైకిల్ మీద వద్దు. అలాగే వేడిగా ఉన్న రోజు కప్పుల కింద చెమట పట్టి చర్మం ఎర్రబడుతుంది, రోజూ చెవి వెనక ఒకసారి చూడండి.

నిశ్శబ్దరాగం
రెండు నెలల కబురు. మిక్సీ డబ్బా ఆటకే పదకొండు రోజులు పట్టింది, వాడికి 'గుర్ర్' అంటే పిచ్చి. ఇప్పుడు హాల్లో డిఫెండర్స్ పెట్టుకుని, తలుపు సగం తెరిచి, ఆరు సెకన్లు. మధ్యలో చిన్నదానికి జ్వరం వచ్చి పది రోజులు ఆపాం, మళ్లీ దూరం గది నుంచి మొదలుపెట్టాం, ఈసారి నాలుగు రోజుల్లో తిరిగి ఇక్కడికి వచ్చాడు. 'ఒకటి రెండు మూడు' ఇప్పుడు వాడే చెప్తాడు, మూడు అనకపోతే నేను వేయకూడదు. నిన్న రెండు దగ్గర ఆగి నా ముఖం చూసి 'వద్దు' అన్నాడు. ఆపేశాను. గువ్వ గారూ, అది మీ కోసం రాస్తున్నా.

రోజు మొత్తం మీద డిఫెండర్స్ ఇప్పుడు మూడు గంటలు ఉంటాయేమో. అందులో చెల్లి మెలకువగా ఉన్న సమయమే ఎక్కువ. అదొక్కటే కదలడం లేదు. పసిదాని ఏడుపుకి ఒకటి రెండు మూడు ఎలా చెప్పను?

ఓటీ_వసుధ
చెప్పలేరు. అందుకే దానికి మెట్లు కట్టమని నేను చెప్పలేదు. అక్కడ డిఫెండర్స్ ఉండనివ్వండి, అది వానే. వాడి బుట్ట ఉయ్యాల గదిలో కాకుండా వాడి మూలలో పెట్టి, చెల్లి కదిలితే అక్కడికి వెళ్లే దారి వాడికి ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

చుక్కలముగ్గు
మాకూ తమ్ముడు ఉన్నాడు. వాడికి రెండేళ్లు నిండాక ఏడుపు ఎందుకో పాపకి అర్థమై కొంత తగ్గింది. అందరికీ అలా అవుతుందో లేదో తెలీదు.

పాతకాపు
అమ్మా, ఆ నోటితో 'గుర్ర్' ఆట నా మనవడితో ఆడాను. వాడికి పద్నాలుగేళ్లు. నన్ను విచిత్రంగా చూశాడు. తర్వాత చిన్నప్పుడు నేను మిక్సీ వేసి కూర్చోబెట్టిన రోజులు బాగా గుర్తున్నాయని చెప్పాడు. ఎప్పుడూ చెప్పలేదు ఇంతకుముందు.